టవర్ మీద ఆగిన పతనం: చిరిగిన కుట్టు ఏం చెబుతుంది?

టవర్ ఎక్కే రిగ్గర్ జారి పడినప్పుడు ఒంటికి కట్టుకున్న పట్టీల హార్నెస్ ఆపేస్తే, నివేదికలో ఆ సంగతి సాధారణంగా నాలుగు ముక్కల్లో ముగుస్తుంది. ఆ నాలుగు ముక్కల్లో ఏం పోతుందో, పరికరాలను సరిగ్గా చదివితే ఏం బయటపడుతుందో చూడటానికి ఒక నమూనా ఉదంతాన్ని తీసుకుందాం. నల్లగొండ జిల్లా దక్షిణ కొసన, కృష్ణా వెనుక జలాల వైపు, గుట్టల నడుమ ఉన్న తండాలకు సిగ్నల్ అందించే 40 మీటర్ల యాంగిల్ టవర్ అది. మే నెల కావడంతో ఎండ ముదరకముందే పని ముగించాలని ఇద్దరు రిగ్గర్లు పొద్దున్నే ఎక్కారు. పై సెక్టర్ ఆంటెన్నా మార్చాలి. సుమారు 36 మీటర్ల ఎత్తులో మొదటి రిగ్గర్ టవర్ కాలును చుట్టి అవతలి వైపుకు మారబోయాడు. అలా మారాలంటే నడుముకు రెండు వైపులా ఉండే రింగులకు తగిలించిన పొజిషనింగ్ తాడును ఒకసారి విప్పాలి. విప్పాడు. స్టెప్ బోల్టు మీది కాలు జారింది. హార్నెస్‌ను టవర్‌కు కలిపే రెండు కొక్కేల పట్టీ, లాన్యార్డ్‌లో ఒక హుక్ టవర్‌కు వేసి ఉంది కాబట్టి గాలిలో వేలాడి, కొద్ది నిమిషాలకు తనంతట తానే కడ్డీని పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

సూపర్‌వైజర్ రాసిన మొదటి నివేదిక ఇలా ఉంది: "రిగ్గర్ కాలు జారింది. హుక్ వేసి ఉన్నందున ప్రమాదం తప్పింది. గాయాలు లేవు. షాక్ అబ్జార్బర్ కుట్టు 35 సెంటీమీటర్లు చిరిగింది. లాన్యార్డ్ మార్చి పని పూర్తి చేశారు." ఇందులో అబద్ధమేమీ లేదు. చెక్‌లిస్టులో "హుక్ వేశారా?" అన్న ప్రశ్నకు "అవును" అన్న జవాబు కూడా నిజమే. అయినా ఈ నివేదికను బట్టి ఏం జరిగిందో తెలియదు. తెలియకపోగా, ఆ 35 సెంటీమీటర్ల అంకె చదివినవారిని తప్పుదారి పట్టిస్తుంది.

ఇలాంటి ఘటనను ఎవరికైనా తెలియజేయాలన్న ఒత్తిడి చట్టం వైపు నుంచి పెద్దగా రాదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 88వ సెక్షన్ గానీ, 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టంలోని 39వ సెక్షన్ గానీ ప్రమాద నోటీసుకు పెట్టిన కొలమానం మరణం, లేదా 48 గంటల పాటు పనికి రాలేని గాయం. వాటి చోట వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ అదే కొలమానం. మన రిగ్గర్ మర్నాడే పనికి వచ్చాడు. కాబట్టి ఇది సంస్థ తన అంతర్గత పద్ధతిలో నమోదు చేసుకుంటేనే నమోదవుతుంది, "తీవ్రమైన నియర్ మిస్", అంటే త్రుటిలో తప్పిన పెద్ద ప్రమాదం అనుకుంటేనే విచారణ జరుగుతుంది. తీవ్రతను ఇక్కడ తగిలిన గాయంతో కొలవకూడదు, ఎన్ని అడ్డుకట్టలు మిగిలాయన్న దానితో కొలవాలి. చేతిపట్టు పోయింది, కాలిపట్టు పోయింది, పొజిషనింగ్ తాడు విప్పి ఉంది. మిగిలింది ఒక్క హుక్, దాని వెనుక ఒక పట్టీ. అది కూడా లేకపోతే 36 మీటర్ల నుంచి నేలను తాకడానికి మూడు సెకన్లు పట్టదు, తాకే వేగం గంటకు 95 కిలోమీటర్లు ఉంటుంది.

ఆ మిగిలిన ఒక్క అడ్డుకట్ట ఎలా పనిచేసిందో తెలుసుకోవాలంటే షాక్ అబ్జార్బర్ లోపల ఏముందో చూడాలి. లాన్యార్డ్‌కు, వీపు మీది డి-రింగుకు మధ్య అరచేతిలో పట్టేంత చిన్న పొట్లంలా కనిపించేదే అబ్జార్బర్. ప్లాస్టిక్ తొడుగు విప్పితే లోపల పొరలు పొరలుగా మడిచి, దట్టంగా కుట్టిన పట్టీ ఉంటుంది. మనిషి పడి లాన్యార్డ్ బిగుసుకున్న క్షణంలో ఆ కుట్లు ఒక్కొక్కటిగా తెగుతూ, రెండు పొరలూ విడిపోతూ, దెబ్బను కొంత దూరం మీదికి పరుస్తాయి. యూరప్ ప్రమాణం ఈఎన్ 355 ప్రకారం 100 కిలోల బరువుతో పరీక్షించినప్పుడు శరీరానికి చేరే బలం 6 కిలోన్యూటన్లు, అంటే సుమారు 600 కిలోల బరువు లాగినంతకు మించకూడదు, పట్టీ 1.75 మీటర్లకు మించి సాగకూడదు. మన దేశంలో హార్నెస్‌లకు, లాన్యార్డ్‌లకు ఉన్న ప్రమాణం ఐఎస్ 3521. కుట్లు ఒకసారి తెగాక అబ్జార్బర్ పని అయిపోయినట్టే, దాన్ని మళ్లీ మడిచి తొడుగులో దూర్చడం అంటే కాలిపోయిన ఫ్యూజు చోట తీగ చుట్టడమే.

తెగిన కుట్టు ఆ పతనం గురించి రాసుకున్న లెక్క లాంటిది. కానీ దాన్ని చదవడంలోనే మొదటి పొరపాటు జరిగింది. సూపర్‌వైజర్ టేపు పెట్టి కొలిచింది తెగిన కుట్టు పొడవును. రెండు పొరలు ముఖాముఖిగా కుట్టి ఉన్నప్పుడు, 35 సెంటీమీటర్ల కుట్టు తెగితే పై పొర 35, కింది పొర 35 విడుదలవుతాయి. లాన్యార్డ్ పెరిగే పొడవు రెండింటి మొత్తం. అందుకే కొలవాల్సింది కుట్టును కాదు. ఘటనలోని లాన్యార్డ్‌ను, అదే మోడల్ కొత్త లాన్యార్డ్‌ను పక్కపక్కన చాచి పరిచి, రెండింటి పొడవుల్లో తేడా తీయాలి. రెండోసారి అలా కొలిస్తే తేడా 71 సెంటీమీటర్లు వచ్చింది.

ఈ అంకె నుంచి పడిన ఎత్తును తిరిగి రాబట్టవచ్చు. పడుతున్న మనిషి కూడగట్టుకున్న శక్తినంతా అబ్జార్బర్ ఖర్చు చేయాలి. రిగ్గర్ బరువు 80 కిలోలు, నడుముకు ఉన్న పనిముట్లు, హార్నెస్ కలిపి మరో 6 కిలోలు. ఆ 86 కిలోలు కిందికి లాగే బలం 0.84 కిలోన్యూటన్లు. అబ్జార్బర్ సగటున 4 కిలోన్యూటన్లతో లాగిందనుకుందాం. లాన్యార్డ్ బిగుసుకునే లోపు పడిన ఎత్తు h, ఆ తర్వాత సాగిన పొడవు x అయితే లెక్క ఇంతే:

```
0.84 × (h + x) = 4 × x
h ≈ 3.75 × x
```

మొదటి నివేదికలోని 35 సెంటీమీటర్లనే సాగుదలగా తీసుకుంటే, రిగ్గర్ పడింది 1.3 మీటర్లు. ఇది నడుమెత్తు జారుడు, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అసలు సాగుదల 71 సెంటీమీటర్లు పెడితే పడిన ఎత్తు దాదాపు 2.7 మీటర్లు. లాన్యార్డ్ పొడవు 1.8 మీటర్లే కాబట్టి, పడిన ఎత్తు దానికి ఒకటిన్నర రెట్లు అయింది.

ఇక్కడే రిగ్గర్ వాంగ్మూలంతో పేచీ వచ్చింది. హుక్‌ను ఛాతీ ఎత్తులో వేశానని అతను గట్టిగా చెప్పాడు. వీపు మీది డి-రింగు పాదాల నుంచి సుమారు 1.4 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఛాతీ ఎత్తు కూడా దాదాపు అంతే. హుక్, రింగు ఒకే ఎత్తులో ఉంటే మనిషి లాన్యార్డ్ పొడవు మేరకు, అంటే 1.8 మీటర్లే పడాలి, అబ్జార్బర్ అరమీటరుకు లోపే సాగాలి. మరి మిగతా 90 సెంటీమీటర్లు ఎక్కడి నుంచి వచ్చినట్టు? అతను అబద్ధం చెబుతున్నాడని అనుకోవడం తేలిక, చాలా విచారణలు అక్కడే ఆగిపోతాయి కూడా. నిజానికి లెక్కను కూడా అంతగా నమ్మకూడదు. సగటు బలం 4కు బదులు 3 కిలోన్యూటన్లు అయితే, అదే 71 సెంటీమీటర్ల సాగుదలకు 1.8 మీటర్ల పతనమే సరిపోతుంది, అప్పుడు రిగ్గర్ మాటే నిజమవుతుంది. అదే 5 అయితే పడిన ఎత్తు మూడున్నర మీటర్ల దాకా పోతుంది. తయారీదారు ఇచ్చే పరీక్ష వివరాలు లేకుండా కుట్టు ఒక్కదాని ఆధారంగా ఎవరినీ తప్పుపట్టలేం. లెక్క ఒక అనుమానాన్ని లేపగలదు, దాన్ని తీర్చాల్సింది టవర్ ఇనుము.

హుక్ వేసిన చోటును ఫోటో తీయడానికి రెండో రిగ్గర్ మళ్లీ ఎక్కాడు. హుక్ ఉన్నది అడ్డ కడ్డీ మీద కాదు, ఏటవాలు బ్రేసింగ్ మీద. టవర్ రెండు కాళ్ల మధ్య ఎక్స్ ఆకారంలో సాగే ఈ ఏటవాలు యాంగిళ్లు చేతికి అందుబాటులో ఉంటాయి, హుక్ నోటికి సరిగ్గా పడతాయి. అందుకే చెయ్యి అలవాటుగా అటే పోతుంది. కానీ ఏటవాలుగా ఉన్నదాని మీద వేసిన హుక్‌కు నిలకడ ఉండదు. ఫోటోలో, ఛాతీ ఎత్తు నుంచి యాంగిల్ అంచు వెంబడి కిందికి ఒక తెల్లని గీత మెరుస్తోంది. జింకు పూత వాతావరణానికి బూడిద రంగుకు తిరిగి ఉంటుంది, ఉక్కు హుక్ ఒరుసుకుంటూ పోయినచోట ఆ బూడిద పొర లేచిపోయి లోపలి లోహం కొత్త పావలా బిళ్లలా మెరుస్తుంది. గీత కింది కొసన, మోకాలి ఎత్తులో, కడ్డీలను కలిపే గసెట్ ప్లేటు బోల్టు తలకు హుక్ తగిలి చిన్న సొట్ట పడింది. ఛాతీ ఎత్తుకు, ఆ బోల్టుకు మధ్య నిలువు దూరం 90 సెంటీమీటర్లు.

అంటే రిగ్గర్ చెప్పింది నిజమే, లెక్క చెప్పిందీ నిజమే. హుక్‌ను అతను ఛాతీ ఎత్తులోనే వేశాడు. అతను పడుతూ లాన్యార్డ్‌ను లాగినప్పుడు హుక్ కడ్డీ వెంబడి జారి జాయింటు దగ్గర ఆగింది. మనిషితో పాటు కొక్కెం కూడా పడింది. ఈ ఒక్క వాక్యం మొదటి నివేదికలో లేదు, ఆ నివేదికతో పాటు ఉన్న చెక్‌లిస్టులో దీనికి గడి కూడా లేదు. హుక్ వేశారా లేదా అని అడిగే గడి ఉంది, ఏ కడ్డీకి వేశారు, అది అక్కడే నిలబడుతుందా అని అడిగే గడి లేదు. ఇద్దరు రిగ్గర్లూ తు.చ. తప్పకుండా నియమాన్ని పాటించారు, నియమమే సగం రాసి ఉంది.

ఆ 90 సెంటీమీటర్ల విలువ ఎంతో కింద ఉన్నదాన్ని చూస్తే తెలుస్తుంది. ఎత్తు మీద పనిచేసేవారికి నేల తగులుతుందన్న భయం ఎక్కువ ఉంటుంది గానీ, లాటిస్ టవర్ మీద మనిషికి ముందు తగిలేది నేల కాదు, కిందనున్న ఇనుము. ఈ టవర్ మీద రిగ్గర్ నిలుచున్న బోల్టుకు 4 మీటర్ల కింద మైక్రోవేవ్ డిష్ బిగించిన పైపు అడ్డంగా బయటికి పొడుచుకొచ్చి ఉంది. స్వేచ్ఛగా పడిన 2.7 మీటర్లు, అబ్జార్బర్ సాగిన 0.7 మీటర్లు, హార్నెస్ పట్టీలు బిగుసుకుంటూ ఒంటి మీద పైకి లేచిన సుమారు 0.3 మీటర్లు కలిపితే పాదాలు 3.7 మీటర్లు దిగాయి. పైపుకు, పాదాలకు మధ్య మిగిలింది అడుగు. రిగ్గర్ పది కిలోలు బరువెక్కువ ఉంటే ఆ అడుగులో మూడో వంతుకు పైగా పోయేది, లాన్యార్డ్ 2 మీటర్లది అయితే అది దాదాపు కరిగిపోయేది. హుక్ జారకుండా ఛాతీ ఎత్తులోనే నిలిచి ఉంటే మాత్రం, పాదాలు 2.6 మీటర్ల దగ్గరే ఆగి, కింద ఇంకా ఒక నిలువు మనిషి నడుమెత్తు కంటే ఎక్కువ ఖాళీ ఉండేది.

పరికరాల వివరాల్లో మరొకటి తప్పక నమోదు కావాలి, అది ఈ ఘటనలో అదృష్టవశాత్తు సరిగ్గా ఉంది. రెండు కొక్కేల లాన్యార్డ్‌లో ఖాళీగా ఉన్న రెండో హుక్ ఎక్కడ ఉంది? ఇక్కడ అది భుజం పట్టీ మీది ప్లాస్టిక్ క్లిప్పుకు తగిలించి ఉంది, పతనంలో క్లిప్పు పుటుక్కున ఊడిపోయింది. అది ఊడిపోవడానికే అలా చేస్తారు. చాలామంది ఖాళీ హుక్‌ను కాళ్లకు అడ్డం పడకుండా నడుము పక్క లోహపు రింగుకు వేసుకుంటారు. లాన్యార్డ్ రెండు పాయలూ అబ్జార్బర్ అవతలి కొసన కలుస్తాయి కాబట్టి, అలా వేసుకున్న పాయ అబ్జార్బర్‌కు సమాంతరంగా రెండో దారి అవుతుంది. కుట్లు కొంత తెగేసరికి ఆ పాయ బిగుసుకుని, మిగతా దెబ్బనంతా సాగకుండానే నడుము పక్కకు చేరవేస్తుంది. బయటికి చూస్తే అన్నీ వేసి ఉన్నట్టే ఉంటుంది, అబ్జార్బర్ మాత్రం ఉండీ లేనట్టే. "క్లిప్పు విరిగింది" అని నష్టాల కింద రాసి వదిలేయకుండా, ఏ చోట ఉన్న క్లిప్పో, ఎందుకు విరిగిందో రాస్తే అది మంచి వార్త అవుతుంది.

వేలాడిన సమయం గురించి మొదటి నివేదిక మౌనంగా ఉంది. రెండో రిగ్గర్‌ను అడిగితే ఐదారు నిమిషాలు అన్నాడు. తొడల పట్టీల మీద కదలకుండా వేలాడే మనిషికి కాళ్లలో రక్తం నిలిచిపోయి, కళ్లు తిరిగి, స్పృహ తప్పే ప్రమాదం నిమిషాల్లోనే మొదలవుతుంది. మన రిగ్గర్‌కు స్పృహ ఉంది, పక్కనే కడ్డీ అందింది, కాలు మోపుకోగలిగాడు. తలకు దెబ్బ తగిలి ఉంటే అతన్ని దించాల్సింది 12 మీటర్ల కింద ఉన్న రెండో మనిషి. దించే తాడు, కప్పీ ఉన్న రెస్క్యూ కిట్ మాత్రం నేల మీద, జీపులో ఉంది. ఇది పర్మిట్ కాగితం మీద "కిట్ ఉంది" అనే నమోదైంది.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. పని కోసం ఆంటెన్నాలను ఆపేస్తే ఆ గుట్టల మధ్య ఉన్న ఏకైక సిగ్నల్ కూడా ఆగిపోతుంది. 108కు ఫోన్ చేయాల్సిన మనిషి ముందు సిగ్నల్ అందే రోడ్డు దాకా బండి మీద పోవాలి. ఆ బండి తాళం చెవి ఎవరి దగ్గర ఉంది, ఎంత దూరంలో సిగ్నల్ దొరుకుతుంది అన్నవి ఎక్కేముందే తెలిసి ఉండాల్సిన సంగతులు. సైట్ ఆపేసే అనుమతి పత్రం నింపేవారికి ఈ రెండు ప్రశ్నలు ఎందుకు తట్టవో గానీ, ఎక్కడా కనిపించవు.

కిందికి దిగిన రిగ్గర్‌ను కూర్చోబెట్టాలా, పడుకోబెట్టాలా అన్న సందేహం కూడా ఆ రోజు వచ్చింది. వేలాడి దిగినవారిని వెంటనే పడుకోబెట్టకూడదన్న పాత సలహా శిక్షణల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. బ్రిటన్ ఆరోగ్య, భద్రతా సంస్థ కోసం 2009లో జరిగిన సమీక్ష ఆ సలహాకు ఆధారం లేదని తేల్చింది. మామూలు ప్రథమ చికిత్సే చేయాలి, ఆసుపత్రికి చూపించాలి. గజ్జల్లో, నడుములో నొప్పి చాలాసార్లు మర్నాటికి గానీ తెలియదు, కాబట్టి "గాయాలు లేవు" అని సాయంత్రానికే రాసేయడం తొందరపాటు.

దీనికి సవరణ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఏటవాలు కడ్డీ తప్ప వేరే దారి లేనిచోట హుక్‌ను జాయింటుకు సరిగ్గా పైన, గసెట్ ప్లేటుకు ఆనుకుని వేస్తే అది జారడానికి చోటుండదు. వేసే జాయింటు కూడా తలకు పైనున్నది అయి ఉండాలి. అంతకన్నా మేలైనది పట్టీ యాంకర్. ఆ పట్టీని టవర్ కాలుకు చుట్టి, ఉచ్చులా బిగించి, హుక్‌ను దానికి తగిలిస్తారు. బ్రేసింగ్ జాయింటుకు పైన చుడితే అది కిందికి దిగదు. యాంగిల్ అంచు పదునుగా ఉంటే పట్టీకి తొడుగు కావాలి. ప్రతి మార్పుకూ దాన్ని విప్పి మళ్లీ చుట్టాలి కాబట్టి ఒక్కోసారి అర నిమిషం పడుతుంది, రోజుకు ముప్పై సార్లు చోటు మారే మనిషికి అది చిన్న విషయం కాదు. అందుకే పొజిషనింగ్ తాడు విప్పే చోట్ల మాత్రమే పట్టీ తప్పనిసరి అని రాస్తే అది పాటించే నియమం అవుతుంది. అన్నిచోట్లా తప్పనిసరి అంటే కాగితం మీదే ఉండిపోతుంది.

ఘటనలో వాడిన హార్నెస్, లాన్యార్డ్, రెండు హుకులు సీరియల్ నంబర్లతో సహా ఒక సంచిలో సీలు వేసి విచారణకు పంపారు. మొదటి రోజు లాన్యార్డ్ ఒక్కదాన్నే మార్చి, పతనాన్ని మోసిన అదే హార్నెస్‌తో మధ్యాహ్నం దాకా పని చేయించారన్న సంగతి ఆ సీరియల్ నంబర్లు సరిపోల్చినప్పుడే బయటపడింది. హార్నెస్ వీపు పట్టీలో మడతపెట్టి కుట్టిన దెబ్బ గుర్తు ఒకటి ఉంటుంది, బరువు పడితే ఆ కుట్టు తెగి రంగు పట్టీ బయటికి వస్తుంది. అది బయటికి వచ్చే ఉంది, చొక్కా వెనుక ఎవరికీ కనబడలేదు.

విచారణాధికారి ఆ ఏటవాలు యాంగిల్ ఫోటోను కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూశాడు. కొత్తగా మెరుస్తున్న గీత పక్కనే, అదే వాలులో, బూడిద రంగు మళ్లీ పట్టడం మొదలైన ఇంకో రెండు గీతలు ఉన్నాయి. ఆ టవర్ పాత ఫైలులో నియర్ మిస్ కాగితం ఒక్కటీ లేదు.